మొదటి ఈఎంఐలో ఎక్కువ పడిన ₹3,945 ఎక్కడిది?

"మేడం, 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను, వడ్డీ 12 శాతం, 36 నెలలు. అగ్రిమెంట్ మీద జూన్ 11న సంతకాలు పెట్టాను, డబ్బు మాత్రం జూన్ 18న పడింది, ప్రాసెసింగ్ ఫీజు పోగా 4,94,100. ఈఎంఐ 16,607 అని, ఆగస్టు 5 నుంచి మొదలని చెప్పారు. అందుకని అకౌంట్లో 17,000 ఉంచాను, అయినా బౌన్స్ అయింది. అడిగితే మొదటి నెల 20,552 కట్టాలట, బ్రోకెన్ పీరియడ్ ఇంట్రస్ట్ అట. ఈ 3,945 నిజంగా కట్టాలా? కడితే అసలులో తగ్గుతుందా?"

ముందు ఆ 20,552 ఈరోజే కట్టేయండి. న్యాయం ఎటుందో తేలేదాకా ఆపుదాం అనుకోవద్దు, ఎందుకంటే తేలేలోపు మీ ఖాతా ఓవర్‌డ్యూలో ఉంటుంది, దాని మీద పీనల్ చార్జీలు పడతాయి, క్రెడిట్ రిపోర్టులో ఆలస్యం ఎక్కితే దాన్ని తీయించుకోవడం ఈ మూడు నాలుగు వేల గొడవ కంటే పెద్ద పని. కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి, ఎక్కువ తీసుకున్నది తర్వాత వెనక్కి అడగొచ్చు. మీరు రాసిన తేదీలు సరైనవైతే అడగాల్సిన డబ్బు కొంత ఉంది కూడా. 3,945లో 2,795 మీరు కట్టాల్సిందే, మిగిలిన 1,150 వాళ్లు తీసుకోకూడనిది. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తాను, ఒక కాగితం, క్యాలెండర్ పక్కన పెట్టుకుంటే మీరే సరిచూసుకోవచ్చు.

ఈఎంఐ లెక్క కట్టేటప్పుడు ఒక విషయాన్ని ఖాయంగా అనుకుంటారు: వడ్డీ మొదలయ్యే రోజుకీ మొదటి వాయిదాకీ మధ్య సరిగ్గా ఒక నెల ఉంటుందని. 12 శాతం అంటే మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ, 5 లక్షలకి నెలకి 5,000. మీ మొదటి 16,607లో 5,000 వడ్డీ, 11,607 అసలు. ఆ 5,000 జూలై 5 నుంచి ఆగస్టు 5 దాకా ఉన్న నెలకి సరిపోయింది. మరి డబ్బు మీ అకౌంట్లో జూన్ 18నే పడింది కదా, అప్పటి నుంచి జూలై 5 దాకా వడ్డీ ఏ ఈఎంఐలోనూ లేదు, 36 వాయిదాల్లో ఎక్కడ వెతికినా దొరకదు. నిండు నెల కాని ఆ ముక్క రోజుల వడ్డీనే వాళ్లు బ్రోకెన్ పీరియడ్ ఇంట్రస్ట్ అంటారు, స్టేట్‌మెంట్‌లో బీపీఐ అని ఉంటుంది. ఊళ్లో నోటు రాసుకుని అప్పు తీసుకున్నా అంతే కదా, తీర్చే రోజున "రెండు నెలలా పదిహేడు రోజులు" అని పైరోజులకి కూడా వడ్డీ కడతాం. కాబట్టి ఇది ఫీజు కాదు, జరిమానా కాదు, డబ్బు మన దగ్గర ఉన్న రోజులకి వడ్డీ. అది తీసుకోవడంలో తప్పు లేదు.

జూలై 5నే మొదటి ఈఎంఐ పెట్టి ఉండొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. లోన్ ఇచ్చే సంస్థలకి వాయిదా వసూలు చేసే తేదీలు నెలలో ఒకటో రెండో ఉంటాయి, లోన్ విడుదలకి ఒక కటాఫ్ తేదీ పెట్టుకుంటారు, అది దాటాక డబ్బు ఇస్తే మొదటి ఈఎంఐని పై నెలకి జరుపుతారు. ఆటో డెబిట్ మ్యాండేట్ మీ బ్యాంకులో రిజిస్టర్ కావడానికి కూడా కొన్ని రోజులు కావాలి. అలా జరిపిన ప్రతిసారీ మధ్యలో ఇలాంటి ముక్క రోజులు మిగులుతాయి.

ఇక అసలు లెక్క. 5 లక్షలకి ఏడాదికి 60,000 వడ్డీ. దాన్ని 365తో భాగిస్తే రోజుకి 164 రూపాయల 38 పైసలు. జూన్ 18 నుంచి లెక్కపెట్టండి, 18, 19, 20 అంటూ 30 దాకా పదమూడు రోజులు, జూలైలో 1 నుంచి 4 దాకా నాలుగు రోజులు, మొత్తం పదిహేడు. జూలై 5ని ఇందులో కలపకూడదు, ఆ రోజు వడ్డీ తర్వాతి నెల లెక్కలోకి పోయింది. మొదటి రోజుని కలిపితే చివరి రోజుని వదలాలి, రెండూ కలిపేస్తే ఒక రోజు వడ్డీ రెండుసార్లు కట్టినట్టు. పదిహేడు రోజులకి 2,795. అంటే మీ మొదటి వాయిదా 19,402 ఉండాలి.

వాళ్లు అడిగింది 20,552. ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటే, ఎక్కువ అడిగిన మొత్తాన్ని ఒక రోజు వడ్డీతో భాగించి చూస్తాను. 3,945ని 164.38తో భాగిస్తే 24 వస్తుంది, అరా పావూ మిగలకుండా సరిగ్గా 24. ఇప్పుడు జూలై 4 నుంచి వెనక్కి ఇరవై నాలుగు రోజులు లెక్కపెట్టుకుంటూ పోండి. జూన్ 11 దగ్గర ఆగుతారు. మీరు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన రోజు! డబ్బు వాళ్ల దగ్గరే ఉన్న ఏడు రోజులకి కూడా మీ మీద వడ్డీ వేశారు. ఆ ఏడు రోజులదే 1,150.

ఇది ఎవరో గుమాస్తా చేసిన కూడిక తప్పులా నాకు అనిపించడం లేదు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో వడ్డీ మొదలయ్యే తేదీ దగ్గర విడుదల తేదీకి బదులు అగ్రిమెంట్ తేదీ పడి ఉంటుంది. ఎలా జరిగినా ఇలా వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. 2024 ఏప్రిల్ 29న బ్యాంకులకీ, బ్యాంకులు కాని రుణ సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలకీ వడ్డీ వసూలు గురించి ఒక సర్క్యులర్ ఇచ్చింది. తనిఖీల్లో కనబడిన తప్పుడు పద్ధతులని అందులో పేరుపేరునా రాసింది: డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాకుండా శాంక్షన్ అయిన రోజు నుంచో అగ్రిమెంట్ రాసుకున్న రోజు నుంచో వడ్డీ వేయడం, చెక్కు చాలా రోజుల తర్వాత చేతికిచ్చి దాని మీద ఉన్న తేదీ నుంచి వడ్డీ లెక్కించడం, నెల మధ్యలో ఇచ్చిన లోన్‌కి నెల మొత్తానికీ వడ్డీ తీసుకోవడం. అలా దొరికిన చోట ఎక్కువ తీసుకున్న వడ్డీని తిరిగి ఇవ్వమని చెప్పామని కూడా అందులోనే ఉంది. మీ కేసు వీటిలో మొదటిదానికి అచ్చంగా సరిపోతుంది.

అసలులో తగ్గుతుందా అని అడిగారు. తగ్గదు. బీపీఐ పూర్తిగా వడ్డీ, అందులో ఒక్క రూపాయి కూడా అసలుకి పోదు. ఆగస్టు వాయిదా జమ అయ్యాక మీ లోన్ స్టేట్‌మెంట్‌లో బాకీ 4,88,393 ఉండాలి, అంటే 5 లక్షల్లోంచి 11,607 పోగా మిగిలింది. అంతకంటే ఎక్కువ చూపిస్తే, మీరు కట్టిన దాంట్లోంచి ఇంకేదో మినహాయించుకున్నారని అర్థం, బౌన్స్ చార్జీ లాంటివి సాధారణంగా అలాగే దూరతాయి. ఆ అంకె ఒక్కసారి చూసుకోండి.

మీ ఉత్తరంలో నాకు సంతోషం కలిగించింది ఒకటి ఉంది, చేతికి 4,94,100 వచ్చిందని రాశారు. ఆ అంకె రాయకపోతే నేనే అడిగేదాన్ని. ఫీజు 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 900, కలిపి 5,900 పోతే సరిగ్గా అంతే వస్తుంది. అంటే విడుదల చేసినప్పుడు బీపీఐని ముందే కోసుకోలేదు. కొన్ని సంస్థలు దాన్ని మొదటి వాయిదాలో కలపకుండా లోన్ ఇచ్చేటప్పుడే మినహాయించుకుంటాయి, అలా అయితే మొదటి నెల మామూలు ఈఎంఐయే రావాలి. చాలా ఏళ్ల కిందట నేను తీసుకున్న మొదటి లోన్‌లో విడుదలప్పుడు ఒకసారి కోసుకున్నారు, మొదటి వాయిదాలో మళ్లీ కలిపారు. లోన్ విడుదల వివరాలుండే డిస్‌బర్స్‌మెంట్ లెటర్ నేను తెరిచి చూడలేదు కాబట్టి ఆ సంగతి నాకు తెలియనే లేదు. ఏడాదిన్నర తర్వాత లోన్ ముందే తీర్చేద్దామని స్టేట్‌మెంట్ తీసుకుంటే, మొదటి పేజీలో ఒకే మొత్తం రెండు చోట్ల కనబడింది. డబ్బు వెనక్కి వచ్చింది గానీ, దానికి బ్రాంచికి నాలుగుసార్లు తిరిగాను. అప్పటి నుంచి ఎవరు బీపీఐ గురించి అడిగినా ముందు చేతికి ఎంత వచ్చిందో అడుగుతాను.

జీఎస్టీ అన్నాను కదా, దాంతోనే ఇంకో చిన్న పరీక్ష ఉంది. లోన్ వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. బీపీఐ అని చెప్పిన మొత్తం పక్కన జీఎస్టీ వేసి ఉంటే అది వడ్డీ కాదు, ఏదో చార్జీకి ఆ పేరు పెట్టారు. మీ 3,945 పక్కన అలాంటిది ఉందేమో కూడా చూడండి. నేను వేసిన లెక్కలో 24 రోజులకి తేడా లేకుండా సరిపోయింది కాబట్టి ఉండదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు బౌన్స్ సంగతి. మీరు మ్యాండేట్ మీద సంతకం పెట్టినప్పుడు అందులో గరిష్ఠ మొత్తం అని ఒక గడి ఉంటుంది, అక్కడ మామూలుగా ఈఎంఐ కంటే బాగా ఎక్కువ రాస్తారు. ఆ పరిమితి లోపల ఏ మొత్తమైనా అడగడానికి సంస్థకి వీలుంటుంది, అందుకే మీ బ్యాంకు 16,607 అనే అంకె చూడదు, వచ్చిన 20,552కి బ్యాలెన్స్ ఉందా లేదా అనే చూస్తుంది. మీ అకౌంట్లో ఉన్న 17,000లోంచి కొంత తీసుకుని మిగతాది తర్వాత తీసుకోవడం ఉండదు, మొత్తం తిరిగి వెళ్లిపోతుంది. అలా వెళ్తే రెండు వైపులా చార్జీ పడుతుంది, మీ బ్యాంకు ఒకటి, లోన్ ఇచ్చిన సంస్థ ఒకటి. వాళ్లు సరైన మొత్తం 19,402 పంపినా మీ 17,000 సరిపోయేది కాదు, కాబట్టి "తప్పు మొత్తం పంపారు కనుక బౌన్స్ అయింది" అనే వాదన ఇక్కడ నిలబడదు. నిలబడే వాదన వేరే ఉంది, అది మీకు ముందుగా చెప్పారా లేదా అన్నది.

2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకి ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నిటికీ, లోన్ ముఖ్య వివరాలన్నీ ఒకచోట ఉండే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వివరించి చెప్పి మన చేత ఒప్పించుకోవాలి. దాని వెనక వాయిదాల పట్టిక ఉంటుంది. మెయిల్‌లో వెతకండి, అగ్రిమెంట్‌తో కలిసి ఒకే పీడీఎఫ్‌గా వచ్చి ఉంటుంది, చాలామంది దాన్ని తెరవరు. ఆ పట్టికలో మొదటి వరుస దగ్గర ఆగండి. అక్కడ 20,552 అని ఉంటే, లేదా బీపీఐ అని విడిగా ఒక వరుస ఉంటే, వాళ్లు చెప్పారు, మనం చూడలేదు, బౌన్స్ చార్జీ మాఫీ చేయమని మర్యాదగా అడగడం తప్ప గట్టిగా పట్టుబట్టడానికి ఉండదు. అక్కడ 16,607 అని మాత్రమే ఉండి, ఆగస్టు 5కి ముందు మెసేజ్ గానీ మెయిల్ గానీ రాకపోతే, మీకు తెలియని మొత్తానికి బ్యాలెన్స్ ఎలా ఉంచుతారు? అప్పుడు బౌన్స్ చార్జీ వెనక్కి ఇవ్వమనీ, ఆలస్యంగా కట్టినట్టు క్రెడిట్ బ్యూరోకి పంపొద్దనీ రాతపూర్వకంగా అడగండి.

ఫోన్లో అడిగితే పని జరగదు. కస్టమర్ కేర్‌లో ఉన్న అబ్బాయికి స్క్రీన్ మీద "బీపీఐ 3,945" అనే కనబడుతుంది, అది సిస్టమ్ లెక్క అంటాడు, ఆ తేదీ మార్చే అధికారం అతనికి ఉండదు, అతని మీద కోప్పడి లాభం లేదు. మెయిల్ రాయండి, పొడుగ్గా వద్దు, ఇంత చాలు: "నా లోన్ అకౌంట్ నంబరు ఇది. డబ్బు నా బ్యాంకు ఖాతాలో జూన్ 18న జమ అయింది, స్టేట్‌మెంట్ జత చేశాను. మీరు వసూలు చేసిన బ్రోకెన్ పీరియడ్ వడ్డీ 3,945, ఇది 24 రోజులకి సరిపోతోంది. జూన్ 18 నుంచి జూలై 5 వరకు 17 రోజులు, వడ్డీ 2,795. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏడాదికి ఎన్ని రోజుల లెక్కన వేశారో రాతలో తెలపండి. ఎక్కువ తీసుకున్న 1,150 తిరిగి ఇవ్వండి." దీనికి మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 4,94,100 జమ అయిన వరుస, డిస్‌బర్స్‌మెంట్ లెటర్, వాయిదాల పట్టిక జత చేయండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది రాసి పెట్టుకోండి.

ఏడాదికి ఎన్ని రోజులు అని ఎందుకు అడగమన్నానంటే, కొన్ని చోట్ల 365కి బదులు 360తో భాగిస్తారు. అప్పుడు 17 రోజులకి 2,833 వస్తుంది, 38 రూపాయల తేడా. అగ్రిమెంట్‌లో 360 అని రాసి ఉంటే దాని గురించి నేనైతే పోరాడను, ఏడు రోజుల అదనపు వడ్డీ ముందు అది చిన్నది. అయితే వాళ్ల జవాబు వచ్చినప్పుడు అంకెలు అటూ ఇటూ అయితే కారణం అదేనేమో చూసుకోవచ్చు.

జవాబుగా ఒక మాట రావొచ్చు, "డబ్బు మేము 11నే పంపాం, బ్యాంకుల మధ్య ఆలస్యం అయింది" అని. అలా అంటే ట్రాన్స్‌ఫర్ తాలూకు యూటీఆర్ నంబరు, అది వెళ్లిన తేదీ అడగండి. ఈ రోజుల్లో నెఫ్ట్ అయినా ఆర్‌టీజీఎస్ అయినా గంటల్లో పడుతుంది, వారం పట్టదు. చెక్కు ఇచ్చి ఉంటే సంగతి వేరు, కానీ అప్పుడు కూడా చెక్కు మీ చేతికి వచ్చిన రోజు ముఖ్యం, దాని మీద రాసిన తేదీ కాదు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. ముందు సంస్థకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే ఆ మెయిల్, ఆ ఫిర్యాదు నంబరు ముఖ్యం. 1,150 కోసం అంత దూరమా అని ఇంట్లోవాళ్లు అనొచ్చు. నా మటుకు నేను వెళ్లమనే చెప్తాను, ఎందుకంటే తప్పు తేదీ మీ ఒక్కరి ఖాతాలోనే పడి ఉంటుందని నేను అనుకోవడం లేదు. అదే వారం అదే బ్రాంచిలో సంతకాలు పెట్టిన వాళ్లందరికీ ఇలాగే వేసి ఉండొచ్చు, వాళ్లలో లోన్ 20 లక్షలు ఉన్నవాళ్లకి అదే ఏడు రోజులు 4,600 దాటుతుంది.

మీరు అడగలేదు గానీ, దీనికి తిరగేసిన కేసు కూడా చెప్పాలి, మీ స్నేహితులెవరికైనా పనికొస్తుంది. జూన్ 18న డబ్బు ఇచ్చి జూలై 5నే మొదటి ఈఎంఐ తీసుకున్నారనుకోండి. అప్పుడు బీపీఐ ఏమీ ఉండదు, 16,607 మాత్రమే పోతుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ డబ్బు మన దగ్గర ఉన్నది 17 రోజులే, వడ్డీ 2,795 వేసి మిగతా 13,812 అసలుకి జమ చేయాలి. పట్టికలో మొదటి వరుసలో వడ్డీ 5,000 అని ఉంటే 17 రోజులకి నెల వడ్డీ తీసుకున్నట్టు, 2,205 ఎక్కువ. ఇందులో వాయిదా మొత్తం మారదు కాబట్టి బౌన్స్ కాదు, మెసేజ్‌లో తేడా కనబడదు, ఎవరికీ అనుమానం రాదు. మీకు జరిగిన దాని కంటే నాకు ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. పట్టికలో మొదటి వరుసలో వడ్డీ గడి చూస్తే గానీ బయటపడదు.

బీపీఐ తగ్గించుకోవడానికి జూలై 5కి దగ్గరగా, ఏ జూలై 3నో డబ్బు తీసుకుని ఉంటే బాగుండేదా అని కొందరు అడుగుతుంటారు. రెండు రోజులకి 329 మాత్రమే పడేది, నిజమే. కానీ ఆ డబ్బుతో జూన్ 18నే ఆసుపత్రి బిల్లో కాలేజీ ఫీజో కట్టాల్సి ఉంటే ఆగడంలో లాభం ఏముంది? డబ్బుతో పని జూలైలో ఉండి, జూన్‌లోనే తెచ్చి అకౌంట్లో ఊరికే పెట్టుకుంటే మాత్రం ఆ పదిహేను రోజుల వడ్డీ వృథా, అలాంటప్పుడు విడుదల తేదీని జూలైకి జరపమని ముందే అడగొచ్చు, శాంక్షన్ గడువు లోపల అయితే సాధారణంగా ఒప్పుకుంటారు.

సెప్టెంబర్ 5న మీకు మామూలు 16,607 మాత్రమే రావాలి. బౌన్స్ చార్జీ మీద తేలకపోతే దాన్ని కూడా కలిపి పంపే అవకాశం ఉంది కాబట్టి ఆ ఒక్క నెలకి రెండు వేలు ఎక్కువ ఉంచండి. 1,150 తిరిగి ఇస్తామని ఒప్పుకుంటే "తర్వాతి ఈఎంఐలో సర్దుతాం" అనే మాటకి సరే అనకండి, 16,607 కాకుండా ఇంకో మొత్తం పంపడంలో మళ్లీ ఏదో ఒక తికమక వస్తుంది. మీ సేవింగ్స్ ఖాతాలోకే పంపమనండి, పడిన రోజు ఆ వరుస స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు నంబరుతో కలిపి దాచుకోండి.